టెండరు ఖరారు కాకముందే బిడ్ ఉపసంహరణ: ధరావతు తిరిగి వచ్చేలా లేఖ రాయడం ఎలా?

టెండరు వేసిన కంపెనీ, పని ఎవరికీ ఖరారు కాకముందే తప్పుకోవాలనుకున్నప్పుడు రాసే లేఖలో రెండు విన్నపాలు ఉంటాయి. మా బిడ్‌ను ఉపసంహరించుకుంటున్నామన్నది మొదటిది. మేము కట్టిన ధరావతు, అంటే ఈఎండీ, తిరిగి ఇవ్వండన్నది రెండోది. మొదటిదానికి చట్టం పెద్దగా అడ్డు చెప్పదు. రెండోది మాత్రం లేఖ ఏ రోజు చేరింది, టెండరు పత్రంలోని ఏ నిబంధన ఆధారంగా రాశారు అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. చాలా కంపెనీలు కారణాలు వివరిస్తూ రెండు పేజీలు నింపి, తేదీని, నిబంధనను ఒక్క వాక్యంలో ముగిస్తాయి. డబ్బు పోయేది అక్కడే.

ఈ మార్గదర్శి భారతదేశంలోని ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల టెండర్ల గురించి. చివరి వరకూ ఒకే ఉదాహరణను వెంట తీసుకువెళ్తాను. ఇది కల్పిత ఉదాహరణే అయినా, టెండర్ల పనిలో ఉన్నవారికి బాగా పరిచయమైన పరిస్థితే. ఒక కంపెనీ తాగునీటి పైపుల సరఫరాకు టెండరు వేసింది. పని అంచనా విలువ 4 కోట్ల 80 లక్షల రూపాయలు. ధరావతు అందులో 2 శాతం, అంటే 9 లక్షల 60 వేలు. దాన్ని బ్యాంకు గ్యారంటీగా ఇచ్చింది. బిడ్ల దాఖలుకు చివరి తేదీ 2025 మార్చి 3. బిడ్ చెల్లుబాటు గడువు ఆ తేదీ నుంచి 120 రోజులు, అంటే జులై 1 వరకు. నెలలు గడిచినా పని ఎవరికీ ఖరారు కాలేదు. జూన్ 23న కార్యాలయం నుంచి ఈమెయిలు వచ్చింది: గడువును మరో 60 రోజులు, ఆగస్టు 30 వరకు పొడిగించండి, జూన్ 28లోగా జవాబివ్వండి అని. ఈలోగా పైపుల తయారీదారు ధర పెంచాడు. కంపెనీ తప్పుకోవాలనుకుంటోంది.

ముందు తెలియాల్సిన చట్టం

బిడ్ వేయడమంటే చట్టం దృష్టిలో ఒక ప్రతిపాదన చేయడం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 5 ప్రకారం, అవతలివారి అంగీకారం ప్రతిపాదించినవారికి కట్టుబాటయ్యేలోపు ఆ ప్రతిపాదనను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. సెక్షన్ 4 ప్రకారం, అంగీకార పత్రం మీకు పంపడం కోసం వారి చేతులు దాటిన క్షణం నుంచే మీరు దానికి కట్టుబడినట్టు. అది మీకు అందే వరకు ఆగదు. అదే సెక్షన్ ప్రకారం మీ ఉపసంహరణ వారికి వర్తించేది అది వారి దృష్టికి వచ్చాకే. ఈ తేడాను గుర్తుంచుకోండి. లేఖ పంపే పద్ధతి దీని మీదే నిలుస్తుంది.

సెక్షన్ 5 చదివినవారు సాధారణంగా ఒక వాదన చేస్తారు: ఉపసంహరించుకునే హక్కు ఉన్నప్పుడు ధరావతు ఎలా జప్తు చేస్తారు అని. 2003లో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకు, గంగా ఎంటర్‌ప్రైజెస్‌కు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను తేల్చింది. అది టోలు వసూలు టెండరు. బిడ్లు 120 రోజులు నిలిచి ఉండాలన్నది షరతు. ఆ గడువులోనే, అంగీకారం రాకముందే బిడ్డరు తప్పుకున్నాడు. ధరావతు తిరిగి ఇవ్వాలని హైకోర్టు ఆదేశించింది, సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. బిడ్ ఉపసంహరించుకునే హక్కు వేరు, ధరావతు జప్తు చేసుకునే హక్కు వేరు అన్నది ఆ తీర్పు సారాంశం. గడువు తీరే వరకు బిడ్ నుంచి కదలకుండా ఉండటానికి హామీగానే ధరావతు తీసుకుంటారు కాబట్టి, గడువులో కదిలితే అది పోతుంది. 2011లో హర్యానా ప్రభుత్వానికి, మాలిక్ ట్రేడర్స్‌కు మధ్య వచ్చిన తీర్పు కూడా ఇదే దారిలో నడిచింది.

అందువల్ల సెక్షన్ 5ను మాత్రమే ఉటంకించి ధరావతు అడిగే లేఖ మొదటి రోజే ఓడిపోయిన లేఖ.

మొదటి అడుగు: మీరు ఏ దశలో ఉన్నారో తేల్చుకోండి

బిడ్ల దాఖలు గడువు ఇంకా ముగియకపోతే మీకు ఇబ్బందే లేదు. కేంద్రం పోర్టల్ అయిన eprocure.gov.in లాంటి చోట్ల బిడ్‌ను ఆన్‌లైన్‌లోనే వెనక్కి తీసుకునే సదుపాయం ఉంటుంది. ధరావతు జప్తు కాదు. అయితే అక్కడ ఒకసారి ఉపసంహరించుకుంటే అదే టెండరులో మళ్లీ బిడ్ వేయడానికి వీలుండదు. ధర మార్చుకోవడమే మీ ఉద్దేశమైతే ఉపసంహరణ జోలికి పోకుండా, బిడ్‌ను సవరించి తిరిగి సమర్పించే సదుపాయాన్నే వాడండి.

దాఖలు గడువు ముగిసి, చెల్లుబాటు గడువు ఇంకా నడుస్తుంటే అది ప్రమాదకర దశ. ఇక్కడ మీ అంతట మీరు తప్పుకుంటే ధరావతు పోయినట్టే అనుకోవాలి. చెల్లుబాటు గడువు తీరిపోయి, మీరు పొడిగింపుకు ఒప్పుకోకపోతే అది సురక్షిత దశ. మీ బిడ్ అంతటితో ముగిసింది కనుక ధరావతును పట్టి ఉంచడానికి కార్యాలయానికి సాధారణంగా ఆధారం ఉండదు.

రెండో దశకూ మూడో దశకూ మధ్య ఉన్నది ఒక్క తేదీ. దాన్ని లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త పడాలి. కొన్ని టెండర్లలో గడువు దాఖలు చివరి తేదీ నుంచి మొదలవుతుంది. కొన్నింటిలో సాంకేతిక బిడ్లు తెరిచిన రోజు నుంచి, అరుదుగా ధరల బిడ్లు తెరిచిన రోజు నుంచి మొదలవుతుంది. దాఖలు తేదీని మధ్యలో సవరణ ప్రకటనతో వాయిదా వేసి ఉంటే చెల్లుబాటు తేదీ కూడా జరుగుతుంది. పాత నోటీసు చూసి లెక్కేసిన కంపెనీ, తాను సురక్షితంగా ఉన్నాననుకుని రెండు వారాల ముందే బయటకు దూకే ప్రమాదం ఇక్కడ ఉంది.

రెండో అడుగు: టెండరు పత్రంలో నాలుగు చోట్ల గీత గీయండి

బిడ్డర్లకు సూచనల భాగంలో చెల్లుబాటు గడువు నిబంధన, దాని పొడిగింపు నిబంధన, ధరావతు జప్తు నిబంధన, ధరావతు వాపసు నిబంధన ఉంటాయి. వీటి సంఖ్యలు లేఖలోకి అచ్చంగా రావాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది పొడిగింపు నిబంధన. ప్రపంచ బ్యాంకు నమూనా పత్రాల్లోనూ, మన దేశంలో వాడే చాలా టెండరు పత్రాల్లోనూ ఒక వాక్యం కనిపిస్తుంది: గడువు పొడిగింపు విన్నపాన్ని బిడ్డరు నిరాకరించవచ్చు, అలా నిరాకరించినందుకు ధరావతు జప్తు చేయరు అని. మీ పత్రంలో ఈ వాక్యం ఉంటే మీ లేఖకు అదే వెన్నెముక. లేకపోతే జప్తు నిబంధనను మళ్లీ చదవండి. అందులో చెల్లుబాటు గడువులో ఉపసంహరిస్తే జప్తు అని మాత్రమే ఉంటే, గడువు తర్వాతి విషయం దాని పరిధిలోకి రాదని చెప్పవచ్చు. జవాబివ్వకపోతే ఏమవుతుందో కూడా చూడండి. కొన్ని పత్రాలు మౌనాన్ని నిరాకరణగా, మరికొన్ని అంగీకారంగా భావిస్తాయి. అందుకే నా సలహా, ఏ పత్రమైనా సరే, మౌనంగా ఉండకండి.

కేంద్ర ప్రభుత్వ శాఖలకు వర్తించే సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లో 170వ నిబంధన ధరావతు గురించినది. ధరావతు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం మధ్య ఉంటుందని, అది బిడ్ చెల్లుబాటు ముగిశాక మరో 45 రోజులు అమల్లో ఉండాలని, టెండరు దక్కనివారికి చెల్లుబాటు తీరాక వీలైనంత త్వరగా, పని ఖరారైన 30వ రోజు దాటకుండా తిరిగి ఇవ్వాలని అది చెబుతుంది. రాష్ట్ర సంస్థలకు వాటి సొంత నిబంధనలుంటాయి. కాబట్టి మున్సిపాలిటీకి రాసే లేఖలో 170వ నిబంధనను ఉటంకించే ముందు, ఆ టెండరు దాన్ని అనుసరిస్తోందో లేదో చూసుకోవాలి. మన ఉదాహరణలో బ్యాంకు గ్యారంటీ జులై 1కి 45 రోజులు కలిపి ఆగస్టు 15 వరకు ఉంది.

చిన్న పరిశ్రమగానో అంకుర సంస్థగానో ధరావతు మినహాయింపు పొందినవారికి పోయే డబ్బు లేదు కదా అనిపించవచ్చు. కానీ ధరావతుకు బదులు హామీ పత్రం రాసిచ్చి ఉంటే, గడువులో తప్పుకున్నందుకు కొంతకాలం ఆ సంస్థ టెండర్లలో పాల్గొనకుండా నిలిపివేయవచ్చు. అది 9 లక్షల కన్నా పెద్ద దెబ్బ కావచ్చు.

మూడో అడుగు: ఉపసంహరణ ఏ రోజు నుంచి అన్నది నిర్ణయించుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే వ్యవధి ఉంటే దీన్ని చదవండి.

మన కంపెనీ జూన్ 26న కూర్చుని ఇలా రాసిందనుకుందాం: "ఉక్కు ధరలు పెరిగినందున మా బిడ్‌ను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాము. ధరావతు తిరిగి ఇవ్వగలరు." చూడటానికి మర్యాదగానే ఉంది. కానీ ఆ లేఖ చేరిన రోజున చెల్లుబాటు గడువు ఇంకా ఐదు రోజులు మిగిలే ఉంది. గడువులో ఉపసంహరణ జరిగిందని చెప్పడానికి కార్యాలయానికి ఆ ఒక్క వాక్యం చాలు. జప్తు నిబంధన యథాతథంగా వర్తిస్తుంది. ఐదు రోజుల తొందరకు 9 లక్షల 60 వేలు పోతాయి.

అదే కంపెనీ ఇలా రాస్తే పరిస్థితి వేరు: "జులై 1తో ముగిసే మా బిడ్ చెల్లుబాటు గడువును పొడిగించడానికి మేము అంగీకరించడం లేదు. ఆ తేదీ వరకు మా బిడ్‌కు కట్టుబడి ఉన్నాము. ఆ తర్వాత మా బిడ్ అమల్లో ఉండదు." ఇది గడువులో ఉపసంహరణ కాదు, పొడిగింపు నిరాకరణ. టెండరు పత్రమే ఆ హక్కు ఇచ్చింది.

దీనికి ఒక మూల్యం ఉంది. జులై 1లోగా కార్యాలయం అంగీకార పత్రం పంపితే మీరు పని చేయక తప్పదు. అప్పుడు కూడా తప్పుకుంటే ధరావతుతో పాటు నిషేధం ముప్పూ ఉంటుంది. కాబట్టి లెక్క ముందే వేసుకోవాలి: మిగిలిన రోజుల్లో పని ఖరారయ్యే అవకాశం ఎంత, ఖరారైతే పాత ధరకు చేయడం వల్ల వచ్చే నష్టం ఎంత? నష్టం 60 లక్షలు, ధరావతు 9 లక్షల 60 వేలు అయితే వెంటనే తప్పుకోవడమే లాభమని ఒక యజమాని నిర్ణయించుకోవచ్చు. అది వ్యాపార నిర్ణయం. అయితే ధరావతు పోతుందని తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. నిషేధాన్ని కూడా ఆ లెక్కలో కలపాలి. కేంద్ర నిబంధనల ప్రకారం నియమావళి ఉల్లంఘనకు ఒక సంస్థ బిడ్డరును రెండేళ్ల వరకు దూరం పెట్టవచ్చు.

ధరల బిడ్లు తెరిచి, మీరే కనిష్ఠ ధర చూపినవారైతే ఇంకా జాగ్రత్త అవసరం. కనిష్ఠ ధర ఇచ్చినవారు వెనక్కి తగ్గితే మళ్లీ టెండరు పిలవాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007 మార్చి సర్క్యులరులో చెప్పింది. దాంతో అధికారికి నెలల పని మళ్లీ మొదటికొస్తుంది. పైగా రెండో స్థానంలో ఉన్నవారికి మేలు చేయడానికే తప్పుకున్నారన్న అనుమానం వస్తుంది. పోటీ చట్టంలోని సెక్షన్ 3 ఇలాంటి కుమ్మక్కును తీవ్రంగా పరిగణిస్తుంది. ఇలాంటి చోట కారణానికి కాగితపు సాక్ష్యం తప్పనిసరి.

నాలుగో అడుగు: కారణం ఎంత రాయాలి?

గడువు పొడిగింపు నిరాకరించేవారికి కారణం చెప్పాల్సిన బాధ్యత సాధారణంగా ఉండదు. అయినా రెండు మూడు వాక్యాల్లో నిజమైన కారణం రాయడం మంచిది. రేపు అదే కార్యాలయంలో మరో టెండరు వేయాలి, ఫైలు చూసే అధికారి తన పైవారికి ఏదో ఒకటి రాయాలి. తయారీదారు ఇచ్చిన కొటేషను గడువు తీరింది, ఆ నెలల్లో యంత్రాలు వేరే పనికి కేటాయించాం, బ్యాంకు పరిమితి మరో గ్యారంటీకి వాడాం అన్నవి అర్థమయ్యే కారణాలు. తయారీదారు లేఖ ఉంటే జతచేయండి. ధరల బిడ్లు ఇంకా తెరవకపోతే మాత్రం ఒక విషయం మరవకండి. మీరు కోట్ చేసిన ధర, దాన్ని ఊహించగల ఏ అంకె అయినా లేఖలో గానీ, జతపరిచిన పత్రాల్లో గానీ కనిపించకూడదు. తయారీదారు లేఖలో ధర ఉంటే దాన్ని నల్లగా కొట్టేసి పెట్టాలి.

మార్పు తెచ్చింది కార్యాలయమే అయితే లెక్క మారుతుంది. బిడ్లు వేశాక పైపుల పరిమాణం మార్చారు, సరఫరా గడువు ఆరు నెలల నుంచి మూడుకు తగ్గించారు, లేదా మీ బిడ్‌ను కొత్త షరతులు చేర్చి అంగీకరించారు అనుకుందాం. షరతులు కలిపిన అంగీకారం కాంట్రాక్టు చట్టం దృష్టిలో అంగీకారం కాదు, అది ఎదురు ప్రతిపాదన. చెల్లుబాటు గడువులో ఉన్నప్పటికీ, మీరు ఇచ్చిన మాట తప్పలేదని, అసలు మాటే మారిందని వాదించడానికి ఇక్కడ బలముంటుంది. అప్పుడు కారణమే లేఖకు ప్రాణం. పాత షరతు ఏది, కొత్త షరతు ఏది, ఏ లేఖతో మారింది అన్నవి పక్కపక్కన చూపాలి. ఒక అరపేజీ పట్టిక చాలు.

ఇక అంచనాలో మన పొరపాటు. ఒక సున్నా తగ్గింది, రవాణా కలపలేదు, ఒక వస్తువు ధర వేరే గడిలో పడింది అంటూ వచ్చే లేఖలకు న్యాయపరంగా బలం తక్కువ. ఒక పక్షం చేసిన పొరపాటు వల్ల మాత్రమే ఒప్పందం రద్దయ్యేది కాదని సెక్షన్ 22 అంటుంది. పశ్చిమ బెంగాల్ విద్యుత్ బోర్డుకు, పటేల్ ఇంజనీరింగ్‌కు మధ్య 2001లో తీర్పు వచ్చిన కేసులో, బిడ్‌లో దొర్లిన తప్పులను దిద్దుకునే అవకాశం ఇవ్వడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అలాంటి స్థితిలో ఉన్నవారు ధరావతును హక్కుగా అడగకుండా, పొరపాటు ఎలా జరిగిందో లెక్కల కాగితాలతో చూపి, వీలైతే పాక్షికంగానైనా వాపసు ఇవ్వాలని కోరాలి. పొరపాటు కనపడిన రోజునే, ధరల బిడ్లు తెరవకముందే రాస్తే నిజాయతీ మీద నమ్మకం కలుగుతుంది. కనిష్ఠ ధర మీదేనని తేలిన మర్నాడు రాస్తే ఎవరూ నమ్మరు.

అబద్ధపు కారణం ఎప్పుడూ రాయకండి. యంత్రాలు ఖాళీ లేవని రాసి, మరుసటి నెల అదే కార్యాలయం మళ్లీ పిలిచిన టెండరులో పాల్గొంటే, పాత లేఖ ఫైలులో మీ ఎదురుగా కూర్చుంటుంది.

ఐదో అడుగు: లేఖ

టెండరు పత్రంలో ఏ భాష చెప్పారో ఆ భాషలోనే లేఖ ఉండాలి. సాధారణంగా అది ఇంగ్లీషు. దిగువ ఇచ్చినది విషయక్రమం కోసం. మన పైపుల కంపెనీ దాన్ని ఇలా రాయవచ్చు:

> కంపెనీ లెటర్‌హెడ్
> లేఖ సంఖ్య: …… తేదీ: 26-06-2025
>
> సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి,
> (టెండరు నోటీసులో ఉన్న కార్యాలయం పేరు, చిరునామా)
>
> విషయం: తాగునీటి పైపుల సరఫరా టెండరు – బిడ్ చెల్లుబాటు గడువు పొడిగింపునకు నిరాకరణ – 01-07-2025 తర్వాత బిడ్ ఉపసంహరణ – ధరావతు బ్యాంకు గ్యారంటీ వాపసు కోరుట – గురించి.
>
> సూచిక: 1) టెండరు నోటీసు సంఖ్య ……
> 2) 03-03-2025న సమర్పించిన మా బిడ్, సంఖ్య ……
> 3) 23-06-2025 నాటి మీ ఈమెయిలు.
>
> అయ్యా,
>
> సూచిక 2లోని మా బిడ్, టెండరు పత్రం …… నిబంధన ప్రకారం 01-07-2025 వరకు చెల్లుబాటులో ఉంది. సూచిక 3 ద్వారా ఆ గడువును 30-08-2025 వరకు పొడిగించాలని మీరు కోరారు.
>
> ఆ పొడిగింపునకు మేము అంగీకరించలేకపోతున్నామని సవినయంగా తెలియజేస్తున్నాము. 01-07-2025 వరకు మా బిడ్‌కు కట్టుబడి ఉంటాము. ఆ తేదీలోగా అంగీకార పత్రం జారీ కాని పక్షంలో, 02-07-2025 నుంచి మా బిడ్ ఉపసంహరించుకున్నట్లుగా భావించగలరు.
>
> పైపుల తయారీదారు మాకు ఇచ్చిన కొటేషను 30-06-2025తో ముగుస్తోంది. అదే ధరలకు దాన్ని కొనసాగించలేమని వారు లిఖితపూర్వకంగా తెలిపారు (జతపరిచిన పత్రం 1). అందువల్ల పొడిగించిన కాలానికి మా ధరలను నిలబెట్టలేము.
>
> టెండరు పత్రం …… నిబంధన ప్రకారం, గడువు పొడిగింపును నిరాకరించిన బిడ్డరు ధరావతు జప్తుకు లోను కాడు. కావున దిగువ వివరాల బ్యాంకు గ్యారంటీ అసలు పత్రాన్ని, బాధ్యత ముగిసినట్లు బ్యాంకుకు రాసే విడుదల లేఖతో సహా మాకు తిరిగి ఇప్పించగలరు: బ్యాంకు గ్యారంటీ సంఖ్య ……, తేదీ ……, మొత్తం రూ. 9,60,000, బ్యాంకు, శాఖ ……, అమలు గడువు 15-08-2025.
>
> ఈ లేఖ అందినట్లు ధ్రువీకరించగలరు. టెండరులో పాల్గొనే అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు.
>
> ఇట్లు,
> (అధికృత సంతకందారు పేరు, హోదా, కంపెనీ ముద్ర)
>
> జతపరిచినవి: 1) తయారీదారు లేఖ, ధరలు తొలగించినది. 2) సంతకందారుకు ఇచ్చిన అధికార పత్రం. 3) బ్యాంకు గ్యారంటీ నకలు. 4) 23-06-2025 నాటి ఈమెయిలు నకలు.

ఇందులో క్షమాపణ లేదని గమనించండి. మా వైపు పొరపాటు జరిగింది, అసౌకర్యానికి పూర్తి బాధ్యత మాదే లాంటి వాక్యాలు మర్యాద కోసం రాసినా, తర్వాత అవి ఒప్పుకోలుగా చదవబడతాయి. జప్తు అన్యాయమంటూ ముందే ఎదురుదాడికి దిగడం కూడా వద్దు. ఇంకా ఎవరూ జప్తు చేయలేదు.

లేఖ మీద సంతకం చేసేవారు బిడ్ మీద సంతకం చేసినవారే అయితే మేలు. వేరేవారైతే డైరెక్టర్ల బోర్డు తీర్మానమో, అధికార పత్రమో జతచేయాలి. ఆ కాగితం లేదన్న సాకుతో లేఖను పక్కన పెట్టిన సందర్భాలు ఉంటాయి, గడువు దగ్గరపడిన వేళ ఆ సాకు చాలా ఖరీదైనది.

ఆరో అడుగు: పంపడం

మీ లేఖ వారి దృష్టికి వచ్చిన క్షణమే ముఖ్యమని సెక్షన్ 4 చెబుతోంది కదా. కాబట్టి టెండరు నోటీసులో ఇచ్చిన అధికారిక ఈమెయిలుకు సంతకం చేసిన ప్రతిని స్కాన్ చేసి పంపండి. అవతలివారు ఒక ఈమెయిలు చిరునామాను నిర్దేశించి ఉంటే, సందేశం ఆ వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణంలో అందినట్టేనని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 13 అంటుంది. ఎవరో ఇంజనీరు సొంత ఈమెయిలుకో, వాట్సాప్‌కో పంపితే ఈ రక్షణ ఉండదు. పొడిగింపునకు జవాబు పోర్టల్‌లోనే ఇవ్వమని ఉంటే అక్కడ కూడా నిరాకరణ నమోదు చేయండి, తెరపట్టు తీసి పెట్టుకోండి.

అదే రోజు అసలు ప్రతిని మనిషి చేత పంపి, ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కార్యాలయం దూరమైతే స్పీడ్ పోస్టులో పంపి, చేరిన వివరం ముద్రించి దాచండి. మన ఉదాహరణలో జూన్ 26న రాసిన లేఖ జూన్ 28 లోపు చేరాలి. జూన్ 28 శనివారం కాబట్టి 27 సాయంత్రానికే పని ముగించడం క్షేమం.

లేఖ ఇచ్చాక మాటలోనూ జాగ్రత్త అవసరం. గడువు తీరాక ధర తగ్గింపు చర్చలకు పిలిస్తే వెళ్లి కూర్చున్నా, బ్యాంకు గ్యారంటీని పొడిగించి ఇచ్చినా, మీరు కొనసాగడానికి ఒప్పుకున్నారని వాదించే వీలు వారికి దొరుకుతుంది. పిలుపు వస్తే, ఫలానా తేదీ నాటి లేఖ ప్రకారం మా బిడ్ అమల్లో లేదని ఒక్క వాక్యంలో జవాబు రాయండి.

ఏడో అడుగు: డబ్బు చేతికి రావడం

ధరావతు ఏ రూపంలో ఇచ్చారో దాన్ని బట్టి విన్నపం మారుతుంది. ఆన్‌లైన్‌లో కడితే సాధారణంగా కట్టిన ఖాతాకే తిరిగి వస్తుంది. ఆ ఖాతా మూసేసి ఉంటే లేఖలోనే చెప్పాలి. డిమాండు డ్రాఫ్టు అయితే దాన్ని నగదుగా మార్చుకున్నారా లేదా అడగాలి, ఎందుకంటే డ్రాఫ్టు మూడు నెలలకు చెల్లదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు అయితే పత్రం చేతికొస్తే సరిపోదు, దాని మీది హక్కు వదులుకున్నట్టు బ్యాంకుకు వారి లేఖ కావాలి.

ఎక్కువ కంగారు పెట్టేది బ్యాంకు గ్యారంటీ. అది బ్యాంకుకు, కార్యాలయానికి మధ్య విడి ఒప్పందం. వారు గడువులోగా సరైన పద్ధతిలో డబ్బు కోరితే బ్యాంకు ఇచ్చేస్తుంది, మీ లేఖ సంగతి దానికి పట్టదు. మోసమో, సరిదిద్దలేని అన్యాయమో స్పష్టంగా కనిపిస్తే తప్ప కోర్టులు ఆపవు. ఆగస్టు 15 దగ్గరపడుతున్నా ఫైలు కదలకపోతే, కార్యాలయం గ్యారంటీని పొడిగించండి లేదా డబ్బు చెల్లించండి అని బ్యాంకుకు రాసే అలవాటు ఉంది. అందుకే జులై 2 ఉదయమే రెండో లేఖ ఇవ్వాలి. అంగీకార పత్రం ఏదీ జారీ కాలేదు, మా బిడ్ 01-07-2025తో ముగిసింది, గ్యారంటీని వాడుకునే సందర్భం లేదు అని రాసి, నకలు బ్యాంకు శాఖకు పంపండి. బ్యాంకును అది ఆపలేకపోయినా, డబ్బు కోరుతూ ఉత్తరం వస్తే వెంటనే మీకు చెప్పేలా శాఖ మేనేజరును అప్రమత్తం చేస్తుంది. కోర్టుకు వెళ్లాల్సివస్తే ఆ కొన్ని గంటలే కీలకం.

నెల దాటినా కదలిక లేకపోతే ఒక జ్ఞాపక లేఖ, ఆ తర్వాత పై అధికారికి నకలుతో మరొకటి. సమాచార హక్కు చట్టం పౌరులకు ఇచ్చిన హక్కు కాబట్టి, దరఖాస్తు కంపెనీ పేరుతో కాక డైరెక్టరు తన పేరుతో వేసి, ధరావతు వాపసు ఫైలు మీద రాసిన నోట్స్ అడగవచ్చు. జప్తు చేస్తున్నామని లేఖ వస్తే, ఏ నిబంధన కింద అని వెంటనే లిఖితపూర్వకంగా అడగండి. గడువు తర్వాత తప్పుకున్నవారిపై గడువులో ఉపసంహరణ నిబంధన చూపిస్తే, హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వేయడానికి అది గట్టి ఆధారం.

అసలు గ్యారంటీ పత్రం, విడుదల లేఖ అందాక రెండూ బ్యాంకులో ఇచ్చి, గ్యారంటీ రద్దయినట్టు రసీదు తీసుకోండి. దాని కింద కట్టి ఉంచిన మార్జిను డబ్బు విడుదలైందో, పరిమితి తిరిగి ఖాళీ అయిందో ఖాతా వివరాల్లో చూసుకోండి. గ్యారంటీ గడువు తీరింది కదా అని అసలు పత్రం తెచ్చుకోకపోతే, కొన్ని బ్యాంకులు మార్జినును పట్టి ఉంచి కమీషను వసూలు చేస్తూనే ఉంటాయి.